ఐదేళ్లు నిండటం వేరు, ఆర్నెల్లు దాటటం వేరు

పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీ. అక్కడ ప్యాకింగ్ విభాగంలో సూపర్‌వైజర్‌గా పనిచేసిన ఒక ఉద్యోగి ఉన్నాడనుకుందాం. 2021 మే 3న చేరాడు. రాజీనామా ఇచ్చి, నోటీసు పీరియడ్ పూర్తి చేసి, 2026 జనవరి 20న బయటికొచ్చాడు. మొత్తం సర్వీసు నాలుగేళ్ల ఎనిమిది నెలల పద్దెనిమిది రోజులు. చేతికొచ్చిన సెటిల్‌మెంట్ కాగితంలో గ్రాట్యుటీ ఎదురుగా సున్నా ఉంది. అడిగితే హెచ్‌ఆర్ విభాగం వాళ్లు "ఐదేళ్లు నిండలేదు కదండీ" అన్నారు. తోటి ఉద్యోగి మాత్రం "ఆర్నెల్లు దాటితే ఏడాది కిందే లెక్క అన్నా, నీకు ఐదేళ్లు అయినట్టే" అని ధైర్యం చెప్పాడు.

ఇద్దరి మాటా సరైంది కాదు. ఆ ఉద్యోగికి గ్రాట్యుటీ అడిగే హక్కు ఉంది. అయితే అది తోటివాడు చెప్పిన కారణంతో వచ్చే హక్కు కాదు. గ్రాట్యుటీ చట్టంలో సర్వీసును రెండుసార్లు, రెండు వేరువేరు పద్ధతుల్లో కొలుస్తారు. అసలు గ్రాట్యుటీ వస్తుందా రాదా అని తేల్చడానికి ఒక కొలత. వస్తుందని తేలాక ఎంత వస్తుందో కట్టడానికి మరో కొలత. ఆర్నెల్లు దాటితే ఏడాదిగా తీసుకునే సవరింపు రెండో కొలతకే చెందుతుంది. దాన్ని మొదటి కొలతకు తగిలించడం వల్లే ఆఫీసుల్లో ఇన్ని తగాదాలు.

1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం దాదాపు 53 ఏళ్లు నడిచింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. మామూలు పర్మనెంట్ ఉద్యోగి విషయంలో సర్వీసు లెక్క మాత్రం మారలేదు. పాత చట్టంలోని మాటలే కొత్త కోడ్‌లోకి దాదాపు యథాతథంగా వచ్చాయి. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. రాజీనామా చేసినా, రిటైరైనా, మరో విధంగా ఉద్యోగం ముగిసినా, ఐదేళ్లకు తగ్గని నిరంతర సర్వీసు ఉంటేనే గ్రాట్యుటీ.

ఈ ఐదేళ్ల షరతు మీద కోర్టుల్లో వాదనలు జరగకపోలేదు. రాజీనామా చేసిన వాడికీ డబ్బు ఇవ్వాల్సిందేనా అని యాజమాన్యాలు అడ్డం తిరిగాయి. బక్షీష్ సింగ్ కేసులో 1993 చివర్లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఐదేళ్లు సేవ చేసి రాజీనామా ఇచ్చిన ఉద్యోగికి గ్రాట్యుటీ చెల్లించాలనే నిబంధన సమంజసమైనదేనని చెప్పింది. అంటే ఐదేళ్ల గీతకు ఇటు ఉద్యోగి, అటు యజమాని ఇద్దరూ కట్టుబడాలి. నాలుగేళ్ల ఏడు నెలలను "సవరించి" ఐదేళ్లు చేసే అధికారం చట్టం ఎవరికీ ఇవ్వలేదు. కంపెనీ తన సొంత పాలసీలో అంతకంటే ఉదారంగా ఉంటానంటే ఉండొచ్చు. మెరుగైన షరతులకు చట్టం అడ్డు చెప్పదు.

మరి మన సూపర్‌వైజర్ సంగతి? అతనికి దారి చూపేది "నిరంతర సర్వీసు" అన్న మాటకు చట్టం చెప్పిన అర్థం.

ఆ అర్థం వెనక ఒక పాత కథ ఉంది. సోలాపూర్‌లోని లక్ష్మీవిష్ణు టెక్స్‌టైల్ మిల్లు కార్మికులు గ్రాట్యుటీ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తెలుగు నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఊరది. 1981 ఫిబ్రవరి 11న లాలప్ప లింగప్ప కేసులో వచ్చిన తీర్పు కార్మికులకు ఎదురు తిరిగింది. పర్మనెంటు కార్మికుడైనా సరే, ఏ ఏడాదిలో 240 రోజులు నిజంగా పనిచేయలేదో ఆ ఏడాదికి గ్రాట్యుటీ రాదని కోర్టు చెప్పింది.  ఆ అన్యాయాన్ని పార్లమెంటు 1984లో సరిదిద్దింది. నిరంతర సర్వీసును వివరిస్తూ చట్టంలో 2ఏ అనే కొత్త సెక్షన్ చేర్చింది. దాన్ని సరిగ్గా ఆ తీర్పు వచ్చిన తేదీ నుంచే వర్తించేలా చేసింది. ఇప్పుడు కోడ్‌లో అదే 54వ సెక్షన్.

ఈ సెక్షన్‌లో రెండు మెట్లున్నాయి. మొదటిది విశాలమైనది. జబ్బు, ప్రమాదం, సెలవు, లే-ఆఫ్, సమ్మె, లాకౌటు, ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగిపోవడం, ఇవేవీ సర్వీసును తెంచవు. ఐదేళ్లలో ఒకసారి మూడు నెలలు జబ్బు సెలవు పెట్టిన వ్యక్తికి ఆ మూడు నెలలు తీసేసి లెక్కగట్టడం చెల్లదు. చెప్పాపెట్టకుండా డ్యూటీకి రాని రోజులు కూడా వాటంతట అవి సర్వీసును విరిచేయవు. ఆ గైర్హాజరును సర్వీసు బ్రేక్‌గా పరిగణిస్తున్నామని, స్టాండింగ్ ఆర్డర్లు లేదా సంస్థ నిబంధనల ప్రకారం, యాజమాన్యం ఉత్తర్వు ఇచ్చి ఉండాలి. జీతాల రిజిస్టర్లో ఎవరో "బ్రేక్" అని రాసుకున్నంత మాత్రాన అది ఉత్తర్వు కాదు. పాత గైర్హాజరు చూపించి గ్రాట్యుటీ నిరాకరిస్తే, ఉద్యోగి ముందుగా అడగాల్సింది ఆ ఉత్తర్వు కాపీనే.

రెండో మెట్టు, మొదటి దాని కింద పూర్తి ఏడాది సర్వీసు చూపించలేని వాళ్ల కోసం. లెక్కగట్టే తేదీకి ముందున్న పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసి ఉంటే, ఆ ఏడాదంతా నిరంతరంగా పనిచేసినట్టే భావించాలి. భూగర్భ గనుల్లో పనిచేసేవారికి, వారానికి ఆరు రోజులకంటే తక్కువ నడిచే సంస్థల్లో వారికి 190 రోజులు చాలు. సింగరేణి భూగర్భ గనిలోకి దిగే కార్మికుడికీ, శని, ఆదివారాలు పూర్తిగా మూసేసే ఆఫీసు ఉద్యోగికీ ఒకే సంఖ్య వర్తిస్తుందన్నమాట. ఇక్కడ ఐటీ ఉద్యోగులు ఒక్క విషయం గమనించాలి. చట్టం చూసేది సంస్థ వారానికి ఎన్ని రోజులు నడుస్తుందన్నది. ఉద్యోగికి వారానికి రెండు రోజులు సెలవు దొరికినా, సంస్థ మాత్రం ఏడు రోజులూ షిఫ్టుల్లో నడుస్తుంటే, 190 తనకు వర్తిస్తుందన్న వాదన బలహీనపడుతుంది. అలాంటి చోట 240 దాటేదాకా ఆగడమే క్షేమం.

ఈ రెండో మెట్టును ఐదో ఏడాదికి వర్తింపజేసింది మద్రాసు హైకోర్టు. మెట్టూర్ బియర్డ్‌సెల్ కంపెనీ కేసులో ఉద్యోగి నాలుగేళ్ల పది నెలలు దాటాక ఉద్యోగం వదిలాడు. ఐదేళ్లు నిండలేదని కంపెనీ కాదంది. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేశాడు కాబట్టి ఆ ఏడాది పూర్తయినట్టే, కనుక ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉన్నట్టే అని కోర్టు చెప్పింది. "నాలుగేళ్ల 240 రోజులు" అని ఉద్యోగుల నోట నానే మాటకు మూలం ఇదే. తెలుగు రాష్ట్రాల అధికారులకు మద్రాసు తీర్పు శిరోధార్యం కాదు. ఆధారంగా మాత్రం దానికి బరువుంది. అదీగాక పాత చట్టంలోని మాటలే కోడ్‌లోనూ ఉన్నాయి కాబట్టి ఆ తర్కం ఇప్పటికీ నిలుస్తుంది. కంపెనీలు దీనికి ఎదురు వాదన తెస్తాయన్నదీ ఉద్యోగి తెలిసి ఉండాలి. అంతరాయమే లేకుండా పనిచేసిన వాడికి రెండో మెట్టుతో పనేముంది, అతని సర్వీసు ఉన్నదున్నట్టు లెక్కిస్తే ఐదేళ్లు లేవు కదా అంటాయి. అందుకే ఇంకో మూడు నెలలు ఆగగలిగిన వాళ్లు ఐదేళ్లు పూర్తి చేసుకుని వెళ్లడం మంచిది. ఆగలేని వాళ్లు 240 రోజుల లెక్కను కాగితం మీద పక్కాగా పెట్టుకుని వెళ్లాలి.

ఆ లెక్క ఎలా వేయాలో మన సూపర్‌వైజర్ దగ్గరే చూద్దాం.

అతని నాలుగేళ్లు 2025 మే 2తో నిండాయి. ఐదో ఏడాది మే 3న మొదలైంది. అక్కణ్నుంచి ఆఖరి రోజైన జనవరి 20 దాకా క్యాలెండర్లో 263 రోజులు. మధ్యలో ఇంటి పనుల మీద తొమ్మిది రోజులు జీతం లేని సెలవు పెట్టాడు. జీతం లేని సెలవు సర్వీసును తెంచదు గానీ, ఈ 240 రోజుల లెక్కలో పనిదినంగా చేరదు. తీసేస్తే 254 మిగిలాయి. ఫ్యాక్టరీ ఆరు రోజులు నడుస్తుంది కాబట్టి అతనికి కావాల్సింది 240. గీత దాటాడు.

హెచ్‌ఆర్ మాత్రం మరోలా లెక్కవేసింది. ఆదివారాలు పనిచేయలేదు కదా అని ఆ కాలంలోని 38 ఆదివారాలు తీసేసింది. 254 కాస్తా 216కు పడిపోయింది. మామూలుగా ఇలాంటి తగాదా ఆగిపోయేది ఇక్కడే. ఎందుకంటే ఉద్యోగికి కూడా అది నిజమే అనిపిస్తుంది. కానీ 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే జవాబిచ్చింది. పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఇదే 240 రోజుల నిబంధన గురించి మాట్లాడుతూ, జీతం చెల్లించే ఆదివారాలనూ పండుగ సెలవులనూ పనిచేసిన రోజులుగానే లెక్కించాలంది. నెల జీతగాడికి ఆదివారానికి కూడా జీతం వస్తుంది. కాబట్టి ఆ 38 రోజులు వెనక్కి రావాలి. రోజుకూలీ మీద పనిచేసి, ఆదివారానికి డబ్బు అందని వ్యక్తికి మాత్రం ఈ వాదన అంత సులువుగా పనిచేయదు.

సంపాదించుకున్న సెలవును పూర్తి జీతంతో వాడుకున్న రోజులు, పనిలో జరిగిన ప్రమాదం వల్ల తాత్కాలికంగా పనిచేయలేకపోయిన రోజులు, 26 వారాల వరకు ప్రసూతి సెలవు కూడా ఈ 240లో చేరతాయని చట్టమే చెబుతోంది. ఐదో ఏడాదిలో ప్రసూతి సెలవు తీసుకుని రాజీనామా చేసిన స్త్రీకి "మీరు సగం ఏడాది పనికే రాలేదు" అని ఎవరైనా అంటే, ఆమె ఈ వాక్యాన్ని చూపించాలి.

అదే సూపర్‌వైజర్ ఒక్క నెల ముందు, డిసెంబరు 20న వెళ్లిపోయి ఉంటే? క్యాలెండర్ లెక్కే 232 రోజులు. సెలవులు తీయకముందే గీతకు ఎనిమిది రోజులు ఇవతల ఆగిపోయేవాడు. సర్వీసు అప్పటికే నాలుగేళ్ల ఏడున్నర నెలలు దాటినా, ఆర్నెల్ల సవరింపు అతన్ని కాపాడేది కాదు. ఒక్క రూపాయి కూడా వచ్చేది కాదు. నోటీసు పీరియడ్ విలువ ఇక్కడే తెలుస్తుంది. లెక్కకు వచ్చేది రాజీనామా లేఖ ఇచ్చిన తేదీ కాదు, ఉద్యోగం ముగిసిన తేదీ. నోటీసు కాలంలో పనిచేసిన రోజులన్నీ సర్వీసే. నోటీసుకు బదులు డబ్బు కట్టి ముందే వెళ్లిపోతే ఆ రోజులు చేతికి రావు. కొత్త కంపెనీ తొందరపెట్టిందని బేసిక్ జీతం కట్టి బయటపడేవాళ్లు, కట్టే డబ్బుతో పాటు పోయే గ్రాట్యుటీని కూడా పక్కన పెట్టుకుని లెక్క చూసుకోవాలి.

ఐదేళ్ల గీత దాటాక రెండో కొలత మొదలవుతుంది. ఇక్కడ లెక్క తేలిక. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగిస్తే ఒక రోజు జీతం. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, సర్వీసు ఏళ్లతో గుణించాలి. నెలకు ముప్పై రోజులు కాకుండా 26 ఎందుకంటే, ఆదివారాలు పోగా మిగిలే పనిదినాలకే నెల జీతం అన్న లెక్కను సుప్రీంకోర్టు ఆమోదించింది. తర్వాత చట్టంలోనూ అదే చేరింది. సూపర్‌వైజర్ మొత్తం జీతం 48,000 రూపాయలు, అందులో బేసిక్, డీఏ 26,000. రోజుకు వెయ్యి, ఏడాదికి పదిహేను వేలు. నాలుగేళ్లు నిండుగా ఉన్నాయి, మిగిలిన ముక్క ఆర్నెల్లు దాటింది కాబట్టి అది ఇంకో ఏడాది. ఐదేళ్లకు 75,000 రూపాయలు. కాగితం మీద సున్నా అని రాసిన చోట రావాల్సింది ఇంత.

కోడ్ వచ్చాక జీతం నిర్వచనంలో ఒక మార్పు ఉంది. అలవెన్సుల వాటా మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని తిరిగి జీతంలో కలపాలి. బేసిక్‌ను చిన్నదిగా చూపించి గ్రాట్యుటీ తగ్గించే అలవాటుకు ఇది అడ్డుకట్ట. మన ఉదాహరణలో 26,000 ఎలాగూ సగం దాటింది గనుక తేడా రాలేదు.

సవరింపులో ఒక చిన్న మాట చాలామంది కన్ను తప్పిపోతుంది. చట్టం చెప్పింది ఆర్నెల్లు "మించిన" భాగం అని. సరిగ్గా ఆర్నెల్లయితే అది చాలదు. 2014 ఏప్రిల్ 1న చేరిన ఒక అకౌంటెంట్ 2025 సెప్టెంబరు 30న వెళ్లిపోతే సర్వీసు సరిగ్గా పదకొండున్నరేళ్లు. ఆయన బేసిక్, డీఏ 39,000 అయితే ఏడాదికి 22,500 చొప్పున పదకొండేళ్లకు 2,47,500 రూపాయలు. అదే మనిషి మర్నాడు, అక్టోబరు 1న కూడా పనికొచ్చి వెళితే పన్నెండేళ్లు, 2,70,000. ఒక్క రోజుకు 22,500 తేడా. ఆర్నెల్లు, అంతకు లోపు మిగిలిన ముక్క ఎంతున్నా పూర్తిగా పోతుంది. దాన్ని నెలల చొప్పున పంచి ఇవ్వరు. ఇదంతా గరిష్ఠంగా 20 లక్షల రూపాయల పరిమితికి లోబడి.

చేరిన తేదీ విషయంలోనూ తగాదాలు వస్తుంటాయి. ప్రొబేషన్ కాలం సర్వీసులో భాగమే, కన్ఫర్మేషన్ లెటర్ తేదీ నుంచి లెక్కగట్టడం తప్పు. అప్రెంటిస్‌గా గడిపిన కాలం మాత్రం చేరదు. కంపెనీ చేతులు మారినా, మరో కంపెనీలో విలీనమైనా, ఉద్యోగులు అదే పనిలో కొనసాగుతుంటే సాధారణంగా పాత సర్వీసు వెంట వస్తుంది. అలాంటి సమయంలో కొత్త యాజమాన్యం ఇచ్చే లేఖలో "సర్వీసు కొనసాగింపు" అన్న మాట ఉందో లేదో చూసుకోకుండా సంతకం పెట్టకూడదు.

ఐదేళ్ల షరతే లేని వాళ్లు ఉన్నారు. ఉద్యోగి చనిపోయినా, ప్రమాదం వల్లో జబ్బు వల్లో పనికి పనికిరాని స్థితికి చేరినా, సర్వీసు ఎంతున్నా గ్రాట్యుటీ ఇవ్వాలి. ఇది పాత చట్టంలోనూ ఉంది. కోడ్ ఇంకో ఇద్దరిని చేర్చింది. వర్కింగ్ జర్నలిస్టులకు మూడేళ్లు చాలు. నిర్ణీత కాలపు ఒప్పందం మీద, అంటే ఫిక్స్‌డ్ టర్మ్ మీద నేరుగా కంపెనీలో చేరిన వాళ్లకు, ఒప్పందం ముగియగానే గ్రాట్యుటీ. ఏడాది సర్వీసు తర్వాత వీళ్లు అర్హులని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. లేబర్ కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు వేరు, వీళ్లు వేరు. పర్మనెంటు ఉద్యోగికి ఏడాది చాలన్న ప్రచారం మాత్రం సరికాదు.

ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ల దగ్గర సవరింపు కూడా మాయమైంది. వాళ్లకు నెలల నిష్పత్తి ప్రకారం ఇవ్వాలి. 26,000 బేసిక్ మీద పద్నాలుగు నెలలు పనిచేసిన వ్యక్తికి పదిహేను వేలు కాదు, 17,500 వస్తుంది. ఇరవై నెలలు చేసిన వ్యక్తికి రెండేళ్లకు వచ్చే ముప్పై వేలు కాకుండా 25,000 వస్తుంది.

చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి కూడా కోడ్ ఇదే నిష్పత్తి పెట్టింది. దీన్ని జాగ్రత్తగా చూడాలి. ఉద్యోగంలో చేరిన ఐదు నెలలకే మరణించిన వ్యక్తి కుటుంబానికి పాత లెక్కలో ఏమీ వచ్చేది కాదు, ఆర్నెల్లు దాటలేదు గనుక. ఇప్పుడు అదే జీతం మీద 6,250 రూపాయలు వస్తాయి. మూడేళ్ల ఎనిమిది నెలలకు మరణిస్తే పాత లెక్కలో నాలుగేళ్లకు 60,000 వచ్చేది, ఇప్పుడు 55,000. కొన్ని కుటుంబాలకు మేలు జరిగిన చోటే ఇంకొన్నింటికి కోత పడింది. ఇంటి పెద్దను పోగొట్టుకున్న వాళ్ల దగ్గర ఆ ఐదు వేలు తగ్గించాల్సిన అవసరం లేదు. ఆర్నెల్లు దాటిన వాళ్లకు సవరింపు, దాటని వాళ్లకు నిష్పత్తి అని రాసి ఉంటే ఎవరికీ నష్టం జరిగేది కాదు.

గ్రాట్యుటీ చెల్లించాల్సిన గడువు ముప్పై రోజులు. ఉద్యోగి దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా, ఎంత రావాలో లెక్కకట్టి రాతపూర్వకంగా తెలియజేసే బాధ్యత యజమానిదే. ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. అయినా ఉద్యోగి ఊరుకోకుండా ముప్పై రోజుల్లోపు రాతపూర్వకంగా అడగడం మంచిది. నిరాకరిస్తే కార్మిక శాఖలో ఇలాంటి వివాదాలు వినే అధికారి ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికి నియామక పత్రం, రిలీవింగ్ లెటర్, ఆఖరి ఏడాది పే స్లిప్పులు కావాలి. 240 రోజుల మీద నిలబడాల్సిన వాళ్లకు మరొకటి తప్పనిసరి. అది ఐదో ఏడాది హాజరు వివరాలు, నెలవారీగా, జీతం లేని సెలవులు విడిగా కనిపించేలా. కంపెనీ పోర్టల్ లాగిన్ ఆఖరి పనిదినం సాయంత్రానికే మూసేసే సంస్థలు చాలా ఉన్నాయి. కాబట్టి ఆ వివరాలను నోటీసు పీరియడ్‌లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకుని, సొంత మెయిల్‌లో దాచుకోవాలి.